డిప్రెషన్ సర్వేకి ఏ స్కేల్? "వ్యాలిడేటెడ్" అంటే సరిపోతుందా

స్టూడెంట్ల మీద డిప్రెషన్ సర్వే చేసినవాళ్ళని వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, "ఈ స్కేలే ఎందుకు తీసుకున్నారు?" అని. ఎక్కువమంది చెప్పే జవాబు "ఇది వ్యాలిడేటెడ్ స్కేల్ సార్, చాలా స్టడీల్లో వాడారు". ఆ జవాబు తప్పేం కాదు, కానీ వెంటనే ఇంకో ప్రశ్న పడుతుంది, "ఎవరి మీద వ్యాలిడేట్ చేశారు, దేనికోసం చేశారు?" అని, అక్కడే చాలామంది తడబడతారు. అసలు విషయం అంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది కాబట్టి దాన్నే కాస్త విడదీసి చూద్దాం.

ఊరికే గాల్లో మాట్లాడితే అర్థం కాదు, అందుకే ఒక సర్వే అనుకుందాం. ఒక యూనివర్సిటీలో 1000 మంది డిగ్రీ స్టూడెంట్లకి ఆన్‌లైన్ ఫారం పంపుతున్నారు, పేరు గానీ నంబర్ గానీ అడగరు. తేల్చుకోవాల్సినవి రెండు. డిప్రెషన్ లక్షణాలు గట్టిగా ఉన్నవాళ్ళు ఎంతమంది, నిద్ర చెడిపోవడానికీ డిప్రెషన్‌కీ సంబంధం ఎంత. ఈ రెండు ప్రశ్నలూ గుర్తుపెట్టుకోండి, స్కేల్ ఎంపిక మొత్తం వీటి మీదే తిరుగుతుంది.

## స్క్రీనింగ్ జల్లెడ లాంటిది, డయాగ్నసిస్ కాదు

డిప్రెషన్ ఉందని డాక్టర్ తేల్చాలంటే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, ఎప్పట్నించి ఉంది, రోజువారీ పనులు దెబ్బతిన్నాయా, థైరాయిడ్ లాంటి వేరే కారణం ఏమన్నా ఉందా, ఈమధ్య ఇంట్లో ఎవరన్నా పోయారా, ఇవన్నీ అడగాలి. స్క్రీనింగ్ స్కేల్ ఇవేమీ చెయ్యదు. మనిషి తనే టిక్కులు పెట్టుకుంటాడు, మార్కులు కలుపుతాం, ఒక గీత దాటితే "వీళ్ళని ఇంకా వివరంగా చూడాలి" అంటాం, అంతే. ఆ గీతనే కటాఫ్ అంటారు.

జల్లెడ ఎంత బాగుందో చెప్పడానికి రెండు కొలతలుంటాయి. నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఎంత శాతం మందిని స్కేల్ పట్టుకుందో అది సెన్సిటివిటీ. డిప్రెషన్ లేనివాళ్ళలో ఎంత శాతం మందిని సరిగ్గా వదిలేసిందో అది స్పెసిఫిసిటీ. ఈ రెండూ తెలియాలంటే అదే మనుషుల్ని నిపుణులు ఇంటర్వ్యూ చేసి, ఆ ఫలితంతో స్కేల్ మార్కుల్ని పోల్చి చూడాలి. ఆ పోలిక జరిగితేనే కటాఫ్‌కి ఒక అర్థం ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు బాగా కనిపిస్తుంది. "మా డేటాలో క్రోన్‌బాక్ ఆల్ఫా 0.86 వచ్చింది, కాబట్టి స్కేల్ వ్యాలిడ్" అని రాసేస్తారు. ఆల్ఫా చెప్పేది స్కేల్‌లోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయన్నది మాత్రమే. అవన్నీ కలిసి డిప్రెషన్‌నే కొలుస్తున్నాయా, లేక పరీక్షల టెన్షన్‌నీ అలసటనీ కొలుస్తున్నాయా అన్నది ఆల్ఫాకి తెలియదు.

## నాలుగు స్కేళ్ళు, ఒక్కోటి ఒక్కో పనికి పుట్టింది

స్టూడెంట్ సర్వేల్లో ఎక్కువగా కనిపించేవి నాలుగు. ఏది గొప్పది అని అడిగే బదులు ఏది ఎక్కడ పుట్టింది అని అడిగితే తేడా తొందరగా తెలుస్తుంది.

పీహెచ్‌క్యూ-9ని క్రోయెంకె, స్పిట్జర్, విలియమ్స్ 2001లో ప్రచురించారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. మేజర్ డిప్రెషన్‌కి డయాగ్నసిస్ పుస్తకంలో ఉండే తొమ్మిది లక్షణాలే ఈ తొమ్మిది ప్రశ్నలు. మొదటి స్టడీలో 580 మందిని నిపుణులు విడిగా ఇంటర్వ్యూ చేసి పోల్చితే, 10 కటాఫ్ దగ్గర సెన్సిటివిటీ 88 శాతం, స్పెసిఫిసిటీ కూడా 88 శాతం వచ్చాయి. వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు. అయితే ఆ 580 మంది క్లినిక్‌లకి వచ్చిన పేషెంట్లు, క్లాసులో కూర్చున్న స్టూడెంట్లు కాదు.

బీడీఐ-2 1996లో వచ్చిన బెక్ స్కేల్, 21 అంశాలు, మొత్తం 63 మార్కులు. దీనికి ఒక పెద్ద ప్లస్ ఏంటంటే తయారుచేసిన శాంపిల్‌లోనే పేషెంట్లతో పాటు 120 మంది కాలేజీ స్టూడెంట్లు కూడా ఉన్నారు. మైనస్ ఏంటంటే ఇది కాపీరైట్ ఉన్న స్కేల్, ఫారాలు కొనుక్కోవాలి, ఎక్కడో దొరికిన పీడీఎఫ్‌ని చూసి గూగుల్ ఫారంలో టైప్ చేసేస్తే అది అనుమతి లేకుండా వాడటమే అవుతుంది, ఎథిక్స్ కమిటీ అడిగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

సీఈఎస్-డీని రాడ్లాఫ్ 1977లో ప్రచురించారు. 20 ప్రశ్నలు, గత ఒక్క వారం గురించి, మొత్తం 60, మామూలుగా వాడే కటాఫ్ 16. ఇది పుట్టిందే మామూలు జనాభాలో సర్వేల కోసం, కాబట్టి మన పనికి దగ్గర చుట్టం లాంటిది. కాకపోతే 16 దగ్గర జల్లెడ కన్నాలు బాగా చిన్నవి, డిప్రెషన్ లేనివాళ్ళు కూడా చాలామంది అందులో చిక్కుకుంటారు.

డాస్-21 సిడ్నీ లోవిబాండ్, పీటర్ లోవిబాండ్‌లది, 1995 నాటిది. డిప్రెషన్‌కి 7, యాంగ్జైటీకి 7, స్ట్రెస్‌కి 7 ప్రశ్నలు. తయారీలో స్టూడెంట్ శాంపిళ్ళు బాగా వాడారు, ఇది కూడా ఫ్రీ. కానీ దీని ఉద్దేశం "కేసా, కాదా" అని తేల్చడం కాదు, బాధ ఎంత మోతాదులో ఉందో ఒక గీత మీద కొలవడం. అందులోని "మోడరేట్", "సివియర్" అనే పేర్లు మిగతా జనంతో పోలిస్తే ఎక్కడున్నారో చెప్తాయి, జబ్బు తీవ్రతని కాదు.

హామిల్టన్ స్కేల్‌ని ఆన్‌లైన్ ఫారంలో పెట్టిన సర్వేలు కూడా ఉంటాయి, దాన్ని ఈ పోటీలోకే తీసుకోలేదు, ఎందుకంటే అది శిక్షణ ఉన్న మనిషి ఇంటర్వ్యూ చేస్తూ మార్కులెయ్యాల్సిన స్కేల్.

## రెండో ప్రశ్న దగ్గర దాగున్న చిక్కు: నిద్ర రెండు వైపులా ఉంది

ఎంతమంది అన్న మొదటి ప్రశ్నకి పీహెచ్‌క్యూ-9 సహజంగానే ముందుంటుంది, చిన్నది, ఫ్రీ, కటాఫ్‌ని ఇంటర్వ్యూలతో పోల్చిన స్టడీలు లెక్కలేనన్ని. కానీ మన సర్వేలో నిద్ర కూడా ఉంది కదా. పీహెచ్‌క్యూ-9 మూడో ప్రశ్నే నిద్ర గురించి, నాలుగోది అలసట గురించి. అంటే నిద్ర పట్టని స్టూడెంట్‌కి నిద్ర స్కేల్‌లోనూ మార్కులు పడతాయి, డిప్రెషన్ స్కేల్‌లోనూ పడతాయి, ఆ తర్వాత రెండింటికీ గట్టి సంబంధం ఉందని మనం ప్రకటిస్తాం. అందులో కొంత భాగం ఒకే ప్రశ్నని రెండుసార్లు అడగడం వల్ల వచ్చిందే. బీడీఐ-2లో కూడా నిద్ర అంశం ఉంది, సీఈఎస్-డీలో కూడా ఉంది. డాస్-21 డిప్రెషన్ ప్రశ్నల్లో మాత్రం నిద్రా లేదు, ఆకలీ లేదు, ఉత్సాహం లేకపోవడం, ముందుకి ఆశ కనపడకపోవడం, తాను విలువలేని మనిషిననిపించడం, ఇలాంటివే ఉంటాయి.

దీని మీద రెండు వాదనలున్నాయి, రెండింట్లోనూ బలం ఉంది. నిద్ర చెడిపోవడం డిప్రెషన్‌లో ఒక భాగమే, దాన్ని తీసేస్తే కొలిచేది అసలు డిప్రెషనే కాదు అని ఒకరంటారు. సంబంధం వెతికేటప్పుడు రెండు కొలతలూ వేరుగా ఉండాలి, లేకపోతే ఆ సంబంధం మనం కల్పించుకున్నదే అవుతుంది అని ఇంకొకరంటారు. నాకైతే మధ్య దారి నచ్చుతుంది. "ఎంతమంది" అన్న లెక్కకి స్కేల్‌ని ముట్టుకోకుండా పూర్తిగా వాడటం, "నిద్రతో సంబంధం" లెక్కని మాత్రం మొత్తం స్కోర్‌తో ఒకసారి, మూడో ప్రశ్న తీసేసి ఇంకోసారి చేసి రెండూ చూపించడం. మూడో ప్రశ్న తీసేశాక సంబంధం కాస్త తగ్గి నిలబడితే నమ్మొచ్చు, సగానికి పడిపోతే ఆ విషయం రిపోర్ట్‌లో రాయాల్సిందే. తీసేసిన స్కోర్‌కి మాత్రం 10 కటాఫ్ పెట్టకూడదు, ఎందుకంటే ఆ గీత తొమ్మిది ప్రశ్నల మొత్తానికి గీసింది.

సర్వే ఎప్పుడు పెడతామన్నది కూడా ఇక్కడికే వస్తుంది. రెండు వారాల కిటికీ సరిగ్గా పరీక్షల మీద పడితే నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత ప్రశ్నలకి అందరూ ఎక్కువ మార్కులేసుకుంటారు. ఆ నాలుగింట్లో రెండేసి వచ్చినా 8, ఇంకో రెండు మార్కులు వస్తే గీత దాటేసినట్టే. అప్పుడు ప్రశ్నలవారీగా సగటులు చూడాలి. మొదటి రెండు ప్రశ్నలు, అంటే ఆసక్తి పోవడం, దిగులుగా ఉండటం, ఇవి తక్కువగానే ఉండి ఆ నాలుగు మాత్రమే ఎత్తుగా కనిపిస్తే మనం కొలిచింది ఎక్కువగా పరీక్షలనే అని అనుమానించాలి.

## 1000 మందిలో లెక్క: 23 శాతం వస్తే 23 శాతం మందికి డిప్రెషనా?

ఇది కాస్త నెమ్మదిగా చదవండి, ఎక్కువ గందరగోళం ఇక్కడే.

మన 1000 మందిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్ళు 120 మంది, అంటే 12 శాతం అనుకుందాం. స్కేల్ సెన్సిటివిటీ 85 శాతం, స్పెసిఫిసిటీ కూడా 85 శాతం అనుకుందాం. 120 మందిలో 85 శాతం అంటే 102 మందిని పట్టుకుంటుంది, 18 మంది జారిపోతారు. మిగిలిన 880 మందిలో 748 మందిని సరిగ్గా వదిలేస్తుంది, 132 మందిని పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం గీత దాటినవాళ్ళు 102 కి 132 కలిపితే 234 మంది, అంటే 23.4 శాతం.

చూడండి, నిజం 12 శాతం, స్కేల్ చెప్పింది 23.4 శాతం. స్కేల్ చెడ్డది కాదు, డిప్రెషన్ లేనివాళ్ళు ఏడు రెట్లకి పైగా ఎక్కువ ఉన్నారు కాబట్టి వాళ్ళలో చిన్న శాతం పొరపాటు కూడా పెద్ద సంఖ్య అవుతుంది. గీత దాటిన 234 మందిలో నిజంగా డిప్రెషన్ ఉన్నది 102 మందికే, అంటే వందలో 44 మందికి. ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2020లో చాలా స్టడీల డేటాని కలిపి చూసిన ఒక విశ్లేషణలో పీహెచ్‌క్యూ-9లో 10 అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్ళు దాదాపు 25 శాతం ఉంటే, అదే మనుషుల్లో క్లినికల్ ఇంటర్వ్యూ ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్ళు దాదాపు 12 శాతమే.

సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ తెలిస్తే వెనక్కి లెక్క కట్టొచ్చు, దీన్ని రోగన్-గ్లాడెన్ సవరణ అంటారు. వచ్చిన శాతానికి స్పెసిఫిసిటీ కలిపి ఒకటి తీసెయ్యాలి, దాన్ని సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ కలిపి ఒకటి తీసేసిన దానితో భాగించాలి:

```
(0.234 + 0.85 - 1) / (0.85 + 0.85 - 1) = 0.084 / 0.70 = 0.12
```

అసలు 12 శాతం తిరిగొచ్చింది. కానీ ఇది అందంగా రావడానికి కారణం ఆ రెండు 85లూ మనం ముందే అనుకున్నవి కావడం. నిజ జీవితంలో ఆ సంఖ్యలు ఒక్కో స్టడీలో ఒక్కోలా ఉంటాయి. స్పెసిఫిసిటీని 85 బదులు 80 అని పెట్టి చూడండి, అదే 23.4 శాతం ఈసారి 5 శాతానికి పడిపోతుంది. ఐదు పాయింట్ల తేడాకి జవాబు సగానికి పైగా తగ్గిపోయింది. అందుకే సవరించిన సంఖ్యని ఒక్కటిగా కాకుండా ఒక రేంజ్‌గా చెప్పడం, అసలు సంఖ్యని "డిప్రెషన్ ఉన్నవాళ్ళు" అనకుండా "స్క్రీనింగ్‌లో పాజిటివ్ వచ్చినవాళ్ళు" అనడం, ఈ రెండూ చేస్తే చదివేవాళ్ళని తప్పుదోవ పట్టించినట్టు కాదు.

## తొమ్మిదో ప్రశ్న ఉంచాలా, తీసెయ్యాలా

పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండుననిపించడం లేదా తనని తాను గాయపరచుకోవాలనిపించడం గురించి. దాన్ని తీసేస్తే పీహెచ్‌క్యూ-8 అవుతుంది, అది మనం సొంతంగా కోసుకున్నది కాదు, విడిగా వ్యాలిడేట్ అయిన స్కేల్, కటాఫ్ కూడా అదే 10.

ఉంచాలనేవాళ్ళ మాట ఏంటంటే, అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, స్టూడెంట్లలో ఇది ఎంత ఉందో తెలియడం చాలా అవసరం. తీసెయ్యాలనేవాళ్ళ మాట ఏంటంటే, పేరు లేని సర్వేలో ఎవరో "దాదాపు ప్రతిరోజూ" అని టిక్ పెట్టారని మూడు వారాల తర్వాత ఎక్సెల్‌లో చూసి మనం చెయ్యగలిగింది ఏముంది? పైగా ఆ ప్రశ్నలో రెండు విషయాలు కలిసున్నాయి, ఊరికే విసుగొచ్చి "నేనెందుకున్నానో" అనుకున్నవాళ్ళూ, నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్ళూ ఒకే టిక్ పెడతారు.

దీన్ని తేల్చేది స్కేల్ కాదు, వెనకాల ఉన్న ఏర్పాటు. ఆ ప్రశ్నకి సున్నా కాకుండా ఏది టిక్ పెట్టినా అక్కడికక్కడే స్క్రీన్ మీద హెల్ప్‌లైన్ నంబర్, కౌన్సెలర్ వివరాలు కనిపించేలా, ఇష్టమైతే తన కాంటాక్ట్ ఇచ్చేలా, ఇచ్చినవాళ్ళకి అదే రోజు ఫోన్ చేసే మనిషి ఉండేలా ఏర్పాటు ఉంటే ఉంచడం న్యాయమే. అలాంటిదేమీ లేని మన సర్వేలో నేనైతే పీహెచ్‌క్యూ-8 వైపే ఉంటాను, సహాయం వివరాలు మాత్రం ఫారం చివర అందరికీ చూపిస్తాను.

## స్కేల్ మంచిదే, ఫారం పాడుచేస్తుంది

ఒకసారి ఒక ఫ్రెండ్ డేటా ఫైల్ చూడమని పంపాడు, పీహెచ్‌క్యూ-9 వాడాడు, 90 శాతానికి పైగా స్టూడెంట్లు పాజిటివ్. భయపడిపోయి గైడ్‌కి చెప్పేముందు ఒకసారి చూద్దామనుకున్నాడు. కనీస స్కోర్ చూస్తే 9. మూడు వందల మందిలో ఒక్కరికి కూడా సున్నా గానీ ఐదు గానీ లేదు. విషయం ఏంటంటే ఫారం నాలుగు జవాబుల్ని 0, 1, 2, 3 అని కాకుండా 1, 2, 3, 4 అని ఎక్స్‌పోర్ట్ చేసింది, అంటే ప్రతి మనిషికీ ఊరికే 9 మార్కులు కలిశాయి. ఏ సమస్యా లేకుండా అసలు స్కోర్ 1 ఉన్న స్టూడెంట్ కూడా 10కి చేరి గీత దాటేశాడు. ప్రతి స్కోర్‌లోంచి 9 తీసేశాక మామూలు మనుషుల డేటా కనిపించింది.

మిగతా స్కేళ్ళకీ ఇలాంటి గుర్తులున్నాయి. డాస్-21లో వచ్చిన మొత్తాన్ని రెట్టింపు చేశాకే కటాఫ్‌తో పోల్చాలి, రెట్టింపు చేస్తే అన్నీ సరి సంఖ్యలే రావాలి, మీ డేటాలో 7, 11 లాంటి బేసి సంఖ్యలుంటే ఎవరో మర్చిపోయారని అర్థం. సీఈఎస్-డీలో 4, 8, 12, 16 ప్రశ్నలు "సంతోషంగా ఉన్నాను" లాంటి మంచి మాటలు, వాటిని తిరగేసి మార్కులెయ్యాలి, మర్చిపోతే ఆ నాలుగూ మిగతావాటికి ఎదురు నడుస్తాయి.

ఇంకోటి, "రెండు వారాలు" అన్నచోట "గత నెల" అని మార్చడం, నాలుగు జవాబుల్ని ఐదు చెయ్యడం. చేసేటప్పుడు చిన్న మార్పులాగే అనిపిస్తుంది కానీ ఆ క్షణం నుంచి పాత కటాఫ్ ఈ ఫారానికి వర్తించదు. అనువాదం కూడా అంతే. "ఫీలింగ్ డౌన్"ని "నీరసంగా" అని రాస్తే అది ఒంటి అలసట అయిపోతుంది, "దిగులుగా" అంటే మనసు సంగతి అవుతుంది. వ్యాలిడేట్ అయిన అనువాదం ఉంటే అదే వాడాలి, లేకపోతే అనువాదం చేసి, వేరే మనిషితో వెనక్కి అనువదించి, ఏడెనిమిది మంది స్టూడెంట్లతో పైకి చదివించి "ఈ ప్రశ్న మీకేం అర్థమైంది" అని అడగాలి. నిద్ర పట్టకపోవడం లేదా మరీ ఎక్కువ పడుకోవడం అని రెండూ కలిపి అడిగే ప్రశ్న దగ్గర జనం ఎలా తికమకపడతారో అప్పుడే కళ్ళకి కడుతుంది.

## మెథడ్స్ సెక్షన్‌లో అది ఎలా కనిపిస్తుంది

పైన అనుకున్నదంతా మన సర్వేకి రాస్తే ఇంచుమించు ఇలా ఉంటుంది:

"డిప్రెషన్ లక్షణాలకి పీహెచ్‌క్యూ-8 వాడాం. ఇది గత రెండు వారాల లక్షణాల్ని 0 నుంచి 24 వరకు కొలుస్తుంది, 10 కటాఫ్‌ని క్లినికల్ ఇంటర్వ్యూలతో పోల్చిన ఆధారం ఉంది, ఉచితం, సమయం తక్కువ పడుతుంది. సర్వేలో పేర్లు లేవు, వెంటనే స్పందించే ఏర్పాటు లేదు, అందుకే ఆత్మహత్య ఆలోచనల ప్రశ్న ఉన్న పీహెచ్‌క్యూ-9 తీసుకోలేదు. బీడీఐ-2 లైసెన్స్ ఖర్చు వల్ల, సీఈఎస్-డీ నిడివి వల్లా 16 కటాఫ్ దగ్గర తప్పుడు పాజిటివ్‌ల వల్లా వదిలేశాం. డాస్-21లో నిద్ర ప్రశ్న లేకపోవడం మాకు అనుకూలమే అయినా అది కేసుల్ని గుర్తించడానికి తయారైనది కాదు. నిద్రతో సంబంధాన్ని మూడో ప్రశ్న ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కించాం. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవాళ్ళని స్క్రీనింగ్ పాజిటివ్‌గా మాత్రమే పేర్కొన్నాం. పరీక్షలకి ఆరు వారాల ముందు డేటా తీసుకున్నాం."

ఇందులో "వ్యాలిడేటెడ్" అన్న మాట ఒక్కసారి కూడా లేదని గమనించే ఉంటారు. దాని బదులు దేనితో పోల్చి, ఏ కటాఫ్ దగ్గర, ఏది ఎందుకు వదిలేశాం అన్నది ఉంది. ఒక్క లోటు మాత్రం ఇంకా మిగిలే ఉంది, ఈ స్టూడెంట్లలోనే 10 దగ్గర స్కేల్ ఎలా పనిచేస్తుందో మనకి తెలియదు. దానికి పాజిటివ్ వచ్చినవాళ్ళలో కొందరినీ, నెగెటివ్ వచ్చినవాళ్ళలో కొందరినీ నిపుణులతో ఇంటర్వ్యూ చేయించాలి, ఆ స్తోమత లేకపోతే లిమిటేషన్స్‌లో ఆ మాట ఒక వాక్యంగా రాయాలి.